అరుంధతికి చెప్పాల్సిన మాట

జూన్ 12, గురువారం

ఈ రోజు ఒక సిగ్గుమాలిన పని చేశాను.

మధ్యాహ్నం లైబ్రరీ మెట్ల మీద అరుంధతి కనిపించింది. నీలం కాటన్ చీర, భుజాన ఆ పెద్ద నల్ల బ్యాగు. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. నన్నింకా చూడలేదు. నేను చప్పున వెనక్కి తిరిగి, బళ్ళు పెట్టే షెడ్డు పక్కనుంచి జారుకుని, ఆర్ట్స్ కాలేజీ వెనకగా చుట్టూ తిరిగి తార్నాక రోడ్డెక్కాను. ఎండకి మాడు పగిలిపోయింది. గదికొచ్చి తలుపేసుకుని కూర్చున్నాక అప్పుడు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

ఈ ఊళ్ళో నాకున్న ఒకే ఒక స్నేహితురాలిని చూసి, అప్పులవాణ్ణి చూసి పారిపోయినట్టు పారిపోయాను. తమాషా ఏమిటంటే అప్పిచ్చింది నేను.

అప్పు ఇవ్వడం నాకు బాధ కాదు. మొదటిసారి సంతోషంగానే ఇచ్చాను. ఐదేళ్ళ కింద నేను జనగామ నుంచి వచ్చి జాగ్రఫీలో పీహెచ్‌డీ చేరినప్పుడు నన్ను పలకరించినవాళ్ళే లేరు. అరుంధతి కామర్స్‌లో సీనియర్. ప్రొద్దుటూరు పిల్ల, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆ ఏడు నాకు చికున్‌గున్యా వచ్చి వేళ్ళు ముడుచుకోకపోతే పన్నెండు రోజులు హాస్టల్ గదికొచ్చి నాకు జడ వేసింది. నోట్లో అన్నం పెట్టింది. అట్లాంటి మనిషికి డబ్బు లేదని ఎట్లా అంటాం?

ఆమె పీహెచ్‌డీ అయిపోయింది. ఇప్పుడొక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్తోంది. జీతం మేనేజ్‌మెంట్‌కి గుర్తొచ్చినప్పుడు వస్తుంది. లాలాపేట్‌లో చిన్న పోర్షన్, తోడు తమ్ముడు వంశీ. మొదట్లో తీసుకున్నవి తిరిగిచ్చేది. తర్వాత సగం ఇచ్చేది. ఇప్పుడు ఆ మాటే లేదు, అడగడం మాత్రం ఉంది.

నాకు డిసెంబరుతో ఫెలోషిప్ అయిపోతుంది. అక్కణ్ణుంచి థీసిస్ ఇచ్చేదాకా దాచుకున్నదే తిండి, అద్దె. అది ఒక కారణం. కానీ ఇవాళ మెట్ల దగ్గర నా కాళ్ళు వెనక్కి తిరిగింది అందుకు కాదు. ఆమె పేరు ఫోన్లో వెలిగితే చాలు ఫోన్ బోర్లా పెట్టేస్తున్నాను. ఎంత అడుగుతుందో, ఏం చెప్పాలో అని. అరుంధతి అంటే నాకిప్పుడు ఇదేనా?

జూన్ 13, శుక్రవారం

రెండు మిస్డ్ కాల్స్. తిరిగి చెయ్యలేదు.

జూన్ 16, సోమవారం

తనే వచ్చింది. మొహం చాటేసినా ఎన్నాళ్ళు?

మా ఇల్లుగలావిడ రాహేలు ఆంటీ కింద ఉప్పుమిరపకాయలు ఎండబెడుతుంటే ఆమెతో కాసేపు కబుర్లాడి, నాలుగు మిరపకాయలు నోట్లో వేసుకుని, పైకొచ్చింది. నా మంచం మీద కూర్చుని చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంది. ఎప్పుడొచ్చినా అట్లాగే కూర్చుంటుంది. ఏం మే అమలా, ఫోన్ ఎత్తవు, చచ్చినావనుకున్నా అంది. నా థీసిస్ మూడో చాప్టర్ గురించి అడిగింది. బావుల నీటిమట్టం పట్టికలు చూసి, ఇంత చదివి చివరికి నీళ్ళు అడుగంటినాయనేగా రాస్తావు, మా ఊర్లో ఎవుర్నడిగినా చెప్తారు అని నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఎదురుచూస్తున్నాను. ఎప్పుడు అడుగుతుందా అని.

టీ తాగాక అడిగింది. ఎనిమిది వేలు. కాలేజీలో జీతాలు జూలై మొదట్లో పడతాయంట, పడగానే ఇచ్చేస్తా అంది.

నేను ఖాళీ గ్లాసులు తీశాను. అప్పుడు ఆ మాట దానంతటదే బయటికొచ్చింది. ఈ నెల నా ఫెలోషిప్ ఇంకా పడలేదు అన్నాను.

పడింది. పదో తారీఖునే పడింది.

అయ్యో అంది అరుంధతి. నిజంగానే అయ్యో అంది. మరి నీకెట్లా గడుస్తాంది అని అడిగింది. బియ్యం ఉన్నాయా అంది. తన బ్యాగులోంచి ఒక జామకాయ తీసి బల్ల మీద పెట్టి వెళ్ళింది.

జామకాయ తినలేదు.

జూన్ 18, బుధవారం

ఈ లోకంలో నాకన్నా తెలివితక్కువది ఉండదు. రాసుకుంటే కాస్త తగ్గుతుందేమో.

అరుంధతి ఇవాళ కాలేజీకి సెలవు పెట్టి యూనివర్సిటీ అడ్మినిస్ట్రేటివ్ బిల్డింగుకి వెళ్ళింది. నా కోసం. నా ఫెలోషిప్ ఎందుకు ఆగిందో కనుక్కోవడానికి.

మాకు ఫెలోషిప్ ఊరికే పడదు. ప్రతి నెలా గైడు సంతకంతో హాజరు వెళ్ళాలి, సెక్షన్‌లో దాన్ని కంప్యూటర్‌లో కన్ఫర్మ్ చెయ్యాలి. ఒక నెల ఎవరైనా మర్చిపోతే ఆ నెల గల్లంతే. ఆ దారంతా అరుంధతికి కంఠతా వచ్చు. నాలుగేళ్ళు ఆ కిటికీల చుట్టూ తిరిగిన మనిషి. అమల నోరులేనిది, పోయి అడగదు అనుకుని తనే పోయింది. కిటికీ దగ్గర నిలబడింది. క్లర్కు భోజనానికి వెళ్తే వచ్చేదాకా కూర్చుంది. ఆయన వచ్చి స్క్రీన్ ఆమె వైపు తిప్పి, పదో తారీఖునే పోయిందమ్మా, ఒకసారి ఖాతా చూసుకోమనండి అన్నాడట.

సాయంత్రం పరుగున వచ్చి ఇదంతా చెప్పింది. ఎండకి మొహం కందిపోయి ఉంది. పడిందంట మే, నీకు బ్యాంకు మెసేజ్ రాలేదేమో, చూసుకో అంది.

నేనేం చేశాను? నటించాను. ఫోన్ తీసి, బ్యాంకు యాప్ తెరిచి, అరే, అవునే అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది.

తను మళ్ళీ డబ్బు అడగలేదు. ఒక్క మాట కూడా అడగలేదు. మంచినీళ్ళు తాగి, చీరకొంగుతో మొహం తుడుచుకుని, ఫ్యాన్ కింద కూర్చుంది. అంతే. నేనే ఎనిమిది వేలు పంపించాను. ఆమె ఎదురుగానే.

థ్యాంక్స్ అంది. మామూలుగా మా ఇద్దరి మధ్య ఆ మాట ఉండదు.

జూన్ 19, గురువారం

ఆమెకు తెలిసిందా? నేను తన కళ్ళలోకి చూడలేదు కాబట్టి నాకు తెలీదు.

రోజంతా ఇదే ఆలోచన. ఒకటి మాత్రం అర్థమైంది. నేను ఆమెకు లేదని చెప్పలేదు. ఒక ఇబ్బంది చెప్పాను. ఇబ్బంది చెప్తే స్నేహితురాలు ఏం చేస్తుంది, దాన్ని తీరుస్తుంది. అరుంధతి అచ్చం అదే చేసింది. తప్పు ఆమెది కాదు. నేను ఏ కారణం చెప్పినా ఆ కారణం పోగానే ఇవ్వాల్సి వస్తుంది. ఊరికి పంపాలన్నానంటే ఎప్పుడు పంపుతావంటుంది. అద్దె కట్టాలంటే రాహేలు ఆంటీతో మాట్లాడి గడువు ఇప్పిస్తుంది. ఆ పని చెయ్యగలదు కూడా. మిరపకాయలతో మొదలుపెడుతుంది.

జూన్ 28, శనివారం

రాహేలు ఆంటీ మెట్ల మీద ఆపింది. ఏందమ్మా అమలా, నీ దోస్తు వస్తే నువ్వు ఇదివరకు కిలకిల నవ్వేదానివి, ఇప్పుడు ఆమె గేటు తీస్తే నీ మొహం ముడుసుకుంటున్నది, కొట్లాడుకున్నారా అని అడిగింది. లేదన్నాను. మంచిది, కొట్లాడితే కొట్లాడుండ్రి గానీ గిట్ల మూగనోము పట్టొద్దు అని తన పనిలో పడింది.

బయటికి కనిపించేంత అయిందన్నమాట. కింద ఆంటీకి తెలిసింది అరుంధతికి తెలియదా?

చెప్పెయ్యాలి. ఈసారి నిజంగా.

జూలై 2, బుధవారం

మూడు రోజులుగా థీసిస్ పక్కన పెట్టి ఒక్క వాక్యం రాస్తున్నాను. మూడో చాప్టర్ అంతా రాయడానికి ఇంత కష్టపడలేదు.

“ఈ నెల కుదరదు.” కొట్టేశాను. వచ్చే నెల కుదురుతుందని అర్థం.

“నా దగ్గర లేవు.” అబద్ధం. ఒకసారి చాలు.

“ముందు పాతవి ఇయ్యి, తర్వాత చూద్దాం.” ఇది రాసి చాలాసేపు బాగుందనుకున్నాను. న్యాయంగా ఉంది. కానీ ఏమవుతుంది? ఇంకెక్కడో తెచ్చి నాకు సగం కడుతుంది, వారం తిరక్కుండా అంతకు రెట్టింపు అడుగుతుంది. అప్పుడు ఇవ్వకపోతే నేను మాట తప్పినదాన్ని. పైగా నేను పాతవాటి కోసం పట్టుబట్టినట్టుంటుంది. నాకు నిజంగా అవి రాకపోయినా పరవాలేదు. ఇది రాస్తుంటే తెలిసింది. వస్తే మంచిదే, రాకపోతే పోనీ. అవి జడ వేసిన వేళ్ళకు పోయాయనుకుంటా. ఇక ముందు మాత్రం వద్దు.

“నేను ఎవరికీ అప్పు ఇవ్వకూడదని పెట్టుకున్నాను.” మళ్ళీ అబద్ధం. పెద్దమనిషి అబద్ధం.

“నువ్వు ఇట్లా అప్పులు చేస్తే ఎట్లా?” ఎవరు నువ్వు, ఆమె అత్తగారివా?

క్షమించు అని మొదలుపెట్టాను ఒకటి. అర పేజీ వచ్చింది. అంతా నా గురించే. అది విన్నాక ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుంది. కొట్టేశాను.

చివరికి మిగిలింది ఇది.

“అరుంధతీ, ఇక మీద నేను నీకు డబ్బు అప్పు ఇవ్వలేను. ఈసారని కాదు, ఇక ఎప్పుడూ. ఇచ్చినవాటి గురించి నేను అడగను. నువ్వు మాత్రం నాకు కావాలి.”

గట్టిగా చదివాను. మొదటి సగం పోలీసులా ఉంది, రెండో సగం సినిమాలా ఉంది. అయినా ఇందులో ఒక్క అబద్ధం లేదు.

జూలై 4, శుక్రవారం

ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా చిన్న విషయం కాదని తెలిసింది.

వాట్సాప్‌లో వద్దు. చదివి చదివి ఒక్కో మాటకి వంద అర్థాలు తీసుకుంటుంది, నేనైతే అదే చేస్తాను. గదిలో వద్దు, కింద ఆంటీ ఉంటుంది. హోటల్లో వద్దు, బిల్లు వస్తుంది. తను అడిగాక చెప్తే ఆ అవసరానికి నేను అడ్డం పడినట్టుంటుంది. అడగకముందే చెప్పాలి.

శనివారాలు పొద్దున ఆమె క్యాంపస్‌లో వాకింగ్‌కి వస్తుంది. పక్కపక్కన నడుస్తూ చెప్తే ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. అదీ మొదట్లోనే చెప్పెయ్యాలి, చివర్లో కాదు. చివర్లో చెప్తే చెప్పి పారిపోయినట్టు. మొదట్లో చెప్తే తర్వాత కలిసి నడవడానికి దారి మిగులుతుంది.

రేపు వస్తున్నానని మెసేజ్ పెట్టాను. బొటనవేలి బొమ్మ పంపింది.

జూలై 5, శనివారం, ఉదయం 5.30

నిద్ర లేదు. నాలుక మీద ఆ వాక్యం అరిగిపోయింది. వెళ్తున్నాను.

అదే రోజు, ఉదయం 10

చెప్పాను.

వాన వచ్చేట్టు మబ్బు పట్టి ఉంది. ఆర్ట్స్ కాలేజీ ముందు వాకింగ్ వాళ్ళు, యోగా వాళ్ళు, కుక్కలు. అరుంధతి నన్ను చూసి, ఏం మే సూర్యుడు పడమట పొడిసినాడా, నువ్వు వాకింగా అని ఎగతాళి చేసింది. ఇంకో రెండడుగులు వేస్తే తను కబుర్లలోకి దిగుతుంది, ఇక నా వల్ల కాదు. అందుకని నీకొక మాట చెప్పాలి అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. కంఠతా పట్టినదాంట్లో “ఇచ్చినవాటి గురించి” అనే ముక్క మర్చిపోయాను. మిగతాది వచ్చింది. గొంతు వణికింది. వణకనీ.

ఆమె ఆగలేదు. నడుస్తూనే ఉంది. కొంతసేపటికి, ఎంతుంది నేను నీకియ్యాల్సింది అని అడిగింది. అది అడగడానికి రాలేదు, అది నీకు వీలైనప్పుడే, ఇవ్వకపోయినా నేను అడగను అన్నాను. వంగి చెప్పు బెల్టు సర్దుకుంది. ఆ బెల్టు ఏమీ వదులవలేదు.

ఎందుకు అంది.

కారణాలు చెప్పకూడదనుకున్నాను కానీ ఒకటి మాత్రం చెప్పాను. నీ ఫోన్ వస్తే నాకు భయమేస్తోంది, మొన్న లైబ్రరీ దగ్గర నిన్ను చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాను, నాకట్లా ఉండటం ఇష్టం లేదు అన్నాను. ఇది ఏ క్లర్కూ తీర్చలేని కారణం.

మలుపు దగ్గర చెప్పింది. ఫెలోషిప్ సంగతి తనకు ఆ రోజే తెలిసిందట. స్క్రీన్ మీద తారీఖు చూడగానే. దారంతా ఏడ్చుకుంటా వచ్చినా మే, అయినా నీ ఫ్యాన్ కింద కూర్చున్యా, ఎందుకంటే ఆ ఎనిమిది వేలు ఆ పొద్దు కావాల్సిందే అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమెకూ అట్లాగే ఉండి ఉంటుంది. ఇద్దరం రోడ్డు చూసుకుంటూ నడిచాం.

అప్పుడు మిగతాది కూడా చెప్పింది. ఈ డబ్బంతా వంశీకట. వాడు వారాసిగూడలో కర్రీ పాయింట్ పెట్టాడు, అది నాకు తెలుసు. బాగా నడుస్తోందని కదా చెప్పింది? నడవడం లేదట. సాయంత్రానికి సగం కూరలు మిగులుతున్నాయి. కూరగాయలవాడికి, నూనెవాడికి, షాపు అద్దెకి, అన్నిటికీ అక్కే. అమ్మ పోయినప్పుడు వాడికి పదేళ్ళు, నేనే పెంచినా, వాడు అక్కా అని మొహం అట్లా పెడితే నా చెయ్యి ఆగదు అంది. వాడు ఈ ఒక్కసారే అంటాడట ప్రతిసారీ.

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. మరి వాడికి లేదని నువ్వు చెప్పలేవా అన్నాను.

నాలుక కరుచుకున్నాను కానీ అప్పటికే ఆలస్యమైంది. అరుంధతి నవ్వింది. బాగాలేని నవ్వు. నీకు తమ్ముడు లేడు కదా అంది.

తను అడగలేదు కానీ అడిగినంత పనైంది ఆ క్షణంలో. నా చేతిలో ఫోన్ ఉంది. రెండు వేళ్ళ పని. ఇప్పుడిచ్చేస్తే ఆ నవ్వు పోతుంది. ఇవ్వలేదు. నీ జీతం బకాయి కోసం ప్రిన్సిపాల్ దగ్గరికి నేనూ వస్తాను, ఒక రోజు ఇద్దరం కూర్చుని షాపు లెక్కలు చూద్దాం, ఆదివారాలు మా గదిలో తిను అన్నాను. ఇవన్నీ నిజంగా చెయ్యగలను కాబట్టే అన్నాను. సరే మే, అర్థమైంది అంది.

గేటు దగ్గర టీ తాగాం. నేను డబ్బు తీస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. ఇద్దరి టీకీ తనే ఇచ్చింది. బలవంతంగా. అన్నిట్లోకీ అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

జూలై 6, ఆదివారం

ఫోన్ లేదు. గుడ్ మార్నింగ్ కూడా లేదు.

జూలై 14, సోమవారం

వాయిస్ మెసేజ్ వచ్చింది. నిన్న బోనాల హడావుడిలో షాపుకి ఎక్కువ సరుకు తెచ్చారట, అమ్ముడుపోలేదట. రెండు వేలు, రెండే వేలు, ఇంతకుముందు లెక్కలోకి వేసుకోవద్దు, ఇది వేరే అంది. గొంతు తనది కాదు. ఎవరో పక్కన నిలబడి ఉండగా మాట్లాడినట్టుంది.

రెండు వేలు నాకు పెద్ద లెక్క కాదు. అందుకే ఇది మొదటిదానికన్నా కష్టం. చిన్నదానికి కూడా లేదంటే మనిషి రాయి అనిపిస్తుంది. కానీ ఇప్పుడు ఇస్తే ఆ రోజు చెప్పింది మాట కాదు, అలక అవుతుంది. ఇంకాస్త బతిమాలితే కరుగుతుందని ఆమెకు నేనే నేర్పినట్టు.

మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేశాను. డబ్బు ఇవ్వలేను అరుంధతీ అన్నాను. అంతే, కొత్త కారణం ఏదీ కలపలేదు. కలపాలని నోరు ఎంత దురద పెట్టిందో. తర్వాత ఆదివారం మధ్యాహ్నం రా, చేపల పులుసు పెడతాను, వంశీని కూడా తీసుకురా అన్నాను.

చూస్తాలే అని పెట్టేసింది.

జూలై 20, ఆదివారం

రాలేదు. పులుసు రాహేలు ఆంటీకి పోశాను. ఆమె ఎందుకని అడగలేదు, ఉప్పు ఎక్కువైందని మాత్రం చెప్పింది.

జూలై 23, బుధవారం

ఇవాళ ఓడిపోబోయాను.

లైబ్రరీలో కూర్చుని ఒక్క లైను చదవలేదు. పద్దెనిమిది రోజులైంది తన నవ్వు విని. యాప్ తెరిచి అరుంధతి పేరు నొక్కి ఐదు వేలు కొట్టాను. పిన్ అడిగింది. రెండంకెలు కొట్టి ఆగాను.

ఎవరి కోసం పంపుతున్నాను? ఆమె అడగలేదు. నాకు ఈ నిశ్శబ్దం భరించే ఓపిక లేదు. ఐదు వేలిచ్చి ఒక గుడ్ మార్నింగ్ కొనుక్కుందామనుకున్నాను. ఆ గుడ్ మార్నింగ్ ఎన్నాళ్ళు ఉంటుంది? మళ్ళీ లైబ్రరీ మెట్ల దగ్గర వెనక్కి తిరుగుతాను.

యాప్ మూసేశాను. ఊరికే ఒక మెసేజ్ పెట్టాను. మూడో చాప్టర్ గైడు ఒప్పుకున్నాడు, నీళ్ళు అడుగంటినాయనే రాశాను అని.

రెండు నీలం టిక్కులు. జవాబు లేదు.

జూలై 30, బుధవారం

తార్నాక చౌరస్తాలో సిగ్నల్ దగ్గర సిటీ బస్సులో కిటికీ పక్కన ఉంది. నేను రోడ్డు మీద. చెయ్యి ఊపాను. చూసింది. చూసి, ఒళ్ళో బ్యాగులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది. నాకు ఆ వెతుకులాట బాగా తెలుసు. నా నుంచే నేర్చుకున్నట్టుంది. నేను ఆ రోజు బళ్ళ షెడ్డు చాటున చేసింది ఆమె బస్సు సీట్లో చేస్తోంది.

బస్సు వెళ్ళిపోయింది. నా పద్ధతి సరైనదే, మాట సరైనదే, మనిషి మాత్రం పోయింది. ఇంత ఆలోచించి కట్టిన వాక్యానికి ఇదేనా ఫలితం? కోపమొచ్చింది. ఆమె మీద కూడా వచ్చింది, దాచడం ఎందుకు. నేనేం పాపం చేశాను? నా సొంత డబ్బు నేను ఇవ్వనన్నాను. దానికి నన్ను రోడ్డు మీద చూడనట్టు కూర్చోవాలా?

కోపంలోనే ఇంకో మెసేజ్ పెట్టాను. ఆదివారం వంట చేస్తున్నాను, వస్తే రా అని. ఇది ఎన్నో ఆదివారమో. ఆహ్వానాలు మానేస్తే నేను చెప్పినదాంట్లో రెండో సగం కూడా అబద్ధమే అవుతుంది.

ఆగస్టు 8, శుక్రవారం

మొన్న ఆదివారం కూడా అరుంధతి రాలేదు. ఇవాళ వంశీ ఫోన్ చేశాడు. నాకు! నంబరు ఎక్కడిదంటే అక్క ఫోన్లోంచి తీసుకున్నాడట.

అమలక్కా, అర్జెంటుగా పది వేలు సర్దుతావా, షాపువానికి అద్దె కట్టాల అన్నాడు. మీ అక్కనడుగు అన్నాను. అక్క ఇయ్యనన్నాది అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎప్పుడు అని అడిగాను. మొన్న రాత్రి అన్నాడు. వాడి గొంతులో ఉక్రోషం. కూర్చోబెట్టి చెప్పిందట. ఇంక నన్ను డబ్బడగద్దురా, ఈ తూరి అని కాదు, మళ్ళా కూడా అందట. ఎందుకక్కా అని ఎన్నిసార్లు అడిగినా కారణం చెప్పలేదు, బతిమాలితే ఏడ్చినాది గానీ ఇయ్యలేదు, అన్నం పెట్టి దగ్గర కూసోని తినిపిచ్చినాది అన్నాడు. ఇంతకుముందు మా అక్క ఇట్లుండేది కాదు, ఎవురో ఏందో చెప్పినారు అని కూడా అన్నాడు.

ఎవరో నేనే అని వాడికి తెలీదు. లేక తెలిసే అన్నాడా.

నేనూ ఇవ్వలేను వంశీ అన్నాను. చిత్రంగా ఏ వణుకూ లేకుండా వచ్చింది. షాపు లెక్కలు తీసుకుని రా, మీ అక్కా నేనూ నువ్వూ కూర్చుందాం అన్నాను. పెట్టేశాడు.

ఆ మాట నేను చెప్పింది రోజులకొద్దీ రిహార్సల్ చేసి, ఒక బయటి మనిషికి. తను చెప్పింది పెంచిన పిల్లాడికి. దాని ముందు నాది ఏపాటిది? ఇప్పుడు ఆ ఇంట్లో ఎట్లా ఉంటోందో. వాడు మాట్లాడుతున్నాడో లేదో. మా ఇద్దరి మధ్య బస్సు కిటికీ అయినా ఉంది. వాళ్ళిద్దరికీ ఒకే వంటగది.

ఫోన్ చేద్దామని తీశాను. ఏమని చెప్పను? శభాష్ అనా? పెట్టేశాను.

ఆగస్టు 10, ఆదివారం, సాయంత్రం

అరుంధతి నంబరు. ఎత్తాను. మాట లేదు. ఊపిరి మాత్రం వినబడుతోంది, ఏడ్చి ఏడ్చి ఆగిన ఊపిరి. నేనూ ఏం అనలేదు, పెట్టెయ్యలేదు.

ఫోన్లో వెనకనుంచి పాత ఇనుము, పాత పేపర్లు కొంటామని ఆటో మైకు వినబడింది. మా కిటికీ కింద కూడా అప్పుడే అదే మైకు, అదే మాట.

తలుపు తీయడానికి వెళ్తున్నాను.